చూసి వెళ్లినవారి వెంట ఎన్నాళ్లు, ఎన్నిసార్లు?

ఒక వెబ్‌సైటుకు వచ్చి, ఏమీ కొనకుండా వెళ్లిపోయిన మనిషికి ఆ తర్వాత వేరే సైట్లలో, యాప్‌లలో అదే సంస్థ ప్రకటనలు చూపించడాన్ని రీటార్గెటింగ్ అంటారు. పారిస్‌లో పుట్టిన క్రిటియో సంస్థ దీన్నే ప్రధాన వ్యాపారంగా చేసుకుని ఎదిగింది. గూగుల్ 2010లో రీమార్కెటింగ్ పేరుతో ఇదే సదుపాయాన్ని చిన్నా పెద్దా ప్రకటనదారులందరికీ తెరిచింది. అప్పటి నుంచీ దీని మీద ఒకే ఫిర్యాదు వినిపిస్తోంది: ఒకసారి చూసిన చెప్పుల జత నెలరోజులు వెంటపడుతుంది, కొన్న తర్వాత కూడా వదలదు.

ఫిర్యాదు న్యాయమైనదే. అయితే రీటార్గెటింగ్ మానేయడం దీనికి పరిష్కారం కాదు. నియమబద్ధంగా చేసిన ప్రయోగాల్లో అది పనిచేస్తుందని తేలింది. తేల్చుకోవలసింది రెండే: చూసి వెళ్లిన మనిషిని ఎన్ని రోజులు గుర్తుపెట్టుకోవాలి? ఆ రోజుల్లో ఎన్నిసార్లు ఎదురుపడాలి? మొదటిదాన్ని విండో అంటారు, ఈ వ్యాసంలో గడువు అందాం. రెండోది ఫ్రీక్వెన్సీ క్యాప్, అంటే ఒక మనిషికి ఇన్నిసార్లకు మించి చూపకూడదన్న పరిమితి. వీటి గురించి పరిశోధన ఏం తేల్చింది, ఒక దుకాణం వీటిని ఎలా నిర్ణయించుకోవచ్చు, ఎక్కడ లెక్క తప్పుతుంది అన్నది ఇక్కడ చూద్దాం.

రెండు అంకెలు, ఒకే లెక్క

చాలామంది ఈ రెండు అంకెలనూ విడివిడిగా పెట్టుకుంటారు. గడువు పెట్టే చోట గూగుల్ ముందే 30 రోజులు నింపి ఉంచుతుంది. దాన్ని 540 రోజుల దాకా పెంచుకోవచ్చు. మెటాలో వెబ్‌సైటు సందర్శకుల జాబితాకు గరిష్ఠం 180 రోజులు. జాబితా పెద్దదైతే మంచిదన్న నమ్మకంతో చాలామంది పెద్ద అంకెనే ఎంచుకుంటారు. క్యాప్ దగ్గరికి వచ్చేసరికి రోజుకు ఐదు అంటే పెద్ద సంఖ్యగా అనిపించదు కాబట్టి ఐదు పెడతారు.

మనిషి అనుభవించేది మాత్రం ఈ రెండింటి గుణకారాన్ని. రోజుకు ఐదు చొప్పున 30 రోజులంటే ఒక్కసారి సైటు చూసినందుకు 150 ప్రకటనల దాకా చూపే అనుమతి. అదే 90 రోజులైతే 450. ఏ దుకాణదారుణ్ణి అడిగినా, ఒక చీర చూసి వెళ్లిన మనిషికి దాన్ని 450 సార్లు గుర్తుచేయడం సబబేనని అనడు. ఆ అంకె ఏ తెర మీదా కనిపించదు కాబట్టే ఎవరూ ఆగి ఆలోచించరు. అందుకే ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: ఒక్క సందర్శనకు బదులుగా మొత్తం ఎన్ని ప్రకటనలు చూపడం న్యాయం? ఆ మొత్తం తేలాక దాన్ని రోజులుగా, రోజువారీ పరిమితులుగా పంచుకోవచ్చు.

గడువు మీద ప్రయోగాలు చెప్పేది

ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగపడే అధ్యయనం నవదీప్ సాహ్ని, శ్రీధర్ నారాయణన్, కీర్తి కల్యాణం కలిసి చేసి 2019లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్‌లో ప్రచురించినది. ఇల్లు కట్టుకునే, బాగుచేసుకునే సామగ్రిని అమ్మే బిల్డ్‌డైరెక్ట్ అనే ఆన్‌లైన్ సంస్థ సందర్శకులను వారు లాటరీ పద్ధతిలో వేర్వేరు గుంపులుగా విడదీశారు. ఎన్ని వారాలు ప్రకటనలు చూపాలి, ఎంత జోరుగా చూపాలి అన్నది గుంపును బట్టి మార్చారు. ప్రకటనలు చూపడం వల్ల నాలుగు వారాల్లో తిరిగి సైటుకు వచ్చినవారు 14.6 శాతం పెరిగారు. అంటే ప్రకటనలు లేకుండా వందమంది తిరిగివచ్చే చోట సుమారు 115 మంది వచ్చారు.

మన ప్రశ్నకు అసలు జవాబు ఈ సగటులో లేదు, కాలక్రమంలో ఉంది. సైటు చూసి రోజులు గడిచేకొద్దీ ప్రకటన ప్రభావం తగ్గుతూ పోయింది. మొదటి వారం ప్రకటనల వల్ల కలిగిన ఫలితంలో మూడో వంతు మొదటి రోజునే వచ్చింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. నేలకు పరిచే పలకల కోసం వెతుకుతున్న మనిషి ఆ వారంలోనే నాలుగు దుకాణాలు చూస్తాడు. ఆ సమయంలో పేరు గుర్తుచేస్తే వెనక్కి వస్తాడు. పని పూర్తయ్యాక గుర్తుచేసినా అతనికి ఉపయోగం లేదు. అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా తేల్చింది: రెండో వారం ప్రకటనలు, మొదటి వారంలో కూడా ప్రకటనలు చూసినవారి మీద ఎక్కువగా పనిచేశాయి. కాబట్టి మొదటి రోజుల్లో మౌనంగా ఉండి, రెండు వారాల తర్వాత హఠాత్తుగా పలకరించడం మంచి పద్ధతి కాదు. జోరు ముందు ఉండాలి, తర్వాత తగ్గాలి.

రెండో ముఖ్యమైన అధ్యయనం అన్యా లాంబ్రెక్ట్, క్యాథరిన్ టక్కర్ 2013లో ప్రచురించినది. ఒక ప్రయాణ సంస్థ సైటు చూసిపోయినవారిలో కొందరికి వారు చూసిన హోటలు ఫొటోనే చూపారు, కొందరికి సంస్థ పేరుతో మామూలు ప్రకటన చూపారు. సగటున మామూలు ప్రకటనే మెరుగ్గా పనిచేసింది. అయితే సమీక్షల సైట్లకు వెళ్లి వివరాలు చదవడం మొదలుపెట్టినవారి విషయంలో ఆ తేడా పోయింది. తనకేం కావాలో ఇంకా తేల్చుకోని మనిషికి అదే వస్తువును పదేపదే చూపించడం తొందరపాటు. ఎంపిక దగ్గరపడ్డ మనిషికి అది ఉపయోగపడే పలకరింపు. విసుగు కేవలం ఎన్నిసార్లు అన్నదాని మీదే ఆధారపడదని దీనివల్ల తెలుస్తుంది. ఆలోచన ఏ దశలో ఉందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక చీరల దుకాణం లెక్క

ఈ సూత్రాలను ఆచరణలో పెట్టి చూద్దాం. చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. అంకెలు మనం అనుకున్నవే, లెక్క చేసే తీరు మాత్రం ఎవరికైనా అదే. నెలకు 400 ఆర్డర్లు వస్తాయి. సందర్శకులందరికీ 30 రోజుల గడువు, రోజుకు ఐదు క్యాప్ పెట్టి ప్రకటనలు నడుస్తున్నాయి.

మొదట చేయవలసింది మొదటి సందర్శనకూ కొనుగోలుకూ మధ్య ఎన్ని రోజులు పట్టిందో చూడడం. దీనికి దగ్గరి అంచనా గూగుల్ యాడ్స్‌లోని ఆట్రిబ్యూషన్ నివేదికల్లో దొరుకుతుంది. ఇక్కడ 180 ఆర్డర్లు అదే రోజున వచ్చాయి. మూడు రోజులు పూర్తయ్యేసరికి మొత్తం 268, వారానికి 324, రెండు వారాలకు 360, నెలకు 384 అయ్యాయి. మిగిలిన 16 ఆ తర్వాత వచ్చాయి. అంటే పదింట తొమ్మిది ఆర్డర్లు 14 రోజుల లోపే తేలిపోయాయి. 15 నుంచి 30 దాకా ఉన్న 16 రోజుల్లో వచ్చింది 24 ఆర్డర్లు, నూటికి ఆరు మాత్రమే. గడువులో సగానికి పైగా రోజులు ఈ ఆరు శాతం కోసం పోతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ దుకాణం ఇప్పటికే 30 రోజుల పాటు ప్రకటనలు చూపుతోంది కాబట్టి, ఆలస్యంగా వచ్చిన ఆర్డర్లలో కొన్ని ప్రకటనల వల్లే వచ్చి ఉండవచ్చు, ప్రకటన లేకపోయినా వచ్చేవి కొన్ని ఉండవచ్చు. ఈ అంకెలు ఆ రెండింటినీ విడదీయలేవు. అదీగాక, కొనుగోళ్లను లెక్కించే గడువునే 30 రోజులకు కుదించి ఉంటే 31వ రోజున వచ్చిన ఆర్డరు నివేదికలో కనిపించదు. కాబట్టి దీన్ని తుది తీర్పుగా కాక, మొదలుపెట్టడానికి ఒక అంచనాగా తీసుకోవాలి.

రెండో పని, సందర్శకులను వారు చేసినదాన్ని బట్టి విడదీయడం. చీరను కార్ట్‌లో వేసి డబ్బు కట్టకుండా ఆగినవారు ఒక గుంపు. రెండు మూడు చీరల పేజీలు తిరిగి చూసినవారు ఇంకో గుంపు. మొదటి పేజీ తెరిచి పది సెకన్లలో వెళ్లిపోయినవారు మూడో గుంపు. ఈ మూడో గుంపును పూర్తిగా వదిలేయాలి. వారిలో చాలామంది పొరపాటున నొక్కి వచ్చినవారు. వారి వెంట వెళ్లడంలో డబ్బు వృథా, పైగా మన పేరు మీద కలిగే మొదటి అభిప్రాయమే చెడుతుంది.

కార్ట్ గుంపుకు గడువు ఏడు రోజులు. మొదటి మూడు రోజులు రోజుకు రెండు, తర్వాతి నాలుగు రోజులు రోజుకు ఒకటి. మొత్తం పదికి మించదు. వీరు చీర ఎంచుకున్నారు కాబట్టి ఆ చీరనే చూపవచ్చు. పేజీలు తిరిగి చూసిన గుంపుకు గడువు 14 రోజులు. మొదటి మూడు రోజులు రోజుకు రెండు, ఆ తర్వాత వారానికి మూడు. మిగిలిన 11 రోజులు రెండు వారాలకు మించవు కాబట్టి గరిష్ఠం పన్నెండు. లాంబ్రెక్ట్, టక్కర్ చెప్పినదాన్ని బట్టి వీరికి మొదట దుకాణం గురించి, నేత గురించి చెప్పే మామూలు ప్రకటన చూపి, మళ్లీ వచ్చి కొలతలు, రంగుల వివరాలు చదివినవారికే ఫలానా చీర చూపడం మేలు. ఇంతకుముందు 150 దాకా ఉన్న అనుమతి ఇప్పుడు పదీ పన్నెండుకు దిగింది.

ఇలా మెట్లుగా తగ్గించడానికి ఒకే క్యాంపెయిన్ సరిపోదు, ఎందుకంటే క్యాప్ రోజులు గడిచేకొద్దీ తనంతట తాను మారదు. ఒకే షరతు మీద మూడు రోజుల జాబితా ఒకటి, 14 రోజుల జాబితా ఒకటి చేయాలి. మొదటి క్యాంపెయిన్ మూడు రోజుల జాబితాకు చూపుతుంది. రెండో క్యాంపెయిన్ 14 రోజుల జాబితాకు చూపుతూ, మూడు రోజుల జాబితాను మినహాయిస్తుంది. అప్పుడు రెండోదానిలో మిగిలేది నాలుగో రోజు నుంచి 14వ రోజు దాకా ఉన్నవారే. పేజీలు చూసినవారి క్యాంపెయిన్లు రెండింటిలోనూ కార్ట్ గుంపును 14 రోజుల జాబితాగా చేసి మినహాయించాలి. లేకపోతే ఒకే మనిషి రెండు జాబితాల్లోనూ ఉండి రెండు క్యాప్‌లనూ కలిపి అనుభవిస్తాడు.

ఈ జాబితాల్లో ఒక చిక్కు ఉంది. గడువు మనిషి చివరిసారి వచ్చిన రోజు నుంచి లెక్కకు వస్తుంది. ఫోనులో వేలు తగిలి ప్రకటన నొక్కుకుపోయినా అది కొత్త సందర్శనే. మన ప్రకటనే అతన్ని లాగి, మన జాబితాలో అతని గడువును మళ్లీ మొదటి రోజుకు తీసుకుపోతుంది. ఇలా ఆసక్తి లేని మనిషి కూడా నెలల తరబడి జాబితాలో తిరుగుతూ ఉండిపోవచ్చు. ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ చూసినంత మాత్రాన జాబితాలో చేరకుండా, అక్కడి నుంచి ఇంకో పేజీకి వెళ్లినవారే చేరేలా షరతు పెట్టడం దీనికి విరుగుడు.

కొన్నవారికి ఇంకా కనిపించడం

అన్ని ఫిర్యాదుల్లోనూ మొదట వినిపించేది ఇదే, దిద్దడానికి తేలికైనదీ ఇదే. కొన్నవారి జాబితా ఒకటి తయారుచేసి ప్రతి క్యాంపెయిన్ నుంచీ మినహాయించాలి. ఈ రంగంలో దీన్ని బర్న్ పిక్సెల్ అంటారు. కొనుగోలు పూర్తయిందని చెప్పే పేజీలో ఉంచిన చిన్న కోడ్ ముక్క, ఆ మనిషిని ప్రకటనల జాబితాల నుంచి తొలగిస్తుంది.

మన దేశంలో ఇది తరచుగా విఫలమయ్యేది చెల్లింపు దగ్గర. కొనేవారు యూపీఐ యాప్‌కు వెళ్లి డబ్బు కడతారు. డబ్బు వెళ్లిందన్న సందేశం అక్కడే కనిపిస్తుంది కాబట్టి చాలామంది తిరిగి బ్రౌజరుకు రాకుండా యాప్ మూసేస్తారు. ధన్యవాదాల పేజీ తెరుచుకోదు, కోడ్ పనిచేయదు. సైటు లెక్కలో ఆ మనిషి ఇంకా కార్ట్‌లో చీర వదిలి వెళ్లినవాడే. డబ్బు కట్టి చీర కోసం ఎదురుచూస్తున్న మనిషికి, మీరు ఈ చీర మరిచిపోయారంటూ పది ప్రకటనలు వెళతాయి. డబ్బు అందలేదేమోనన్న అనుమానం కూడా అతనికి కలగవచ్చు. దుకాణం ఆర్డర్ల పుస్తకంలోని సంఖ్యనూ, ప్రకటనల ఖాతా చూపే కొనుగోళ్ల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లోపం బయటపడుతుంది. చెల్లింపు గేట్‌వే నుంచి సర్వరుకు వచ్చే నిర్ధారణనే కొనుగోలుగా ప్రకటనల వేదికకు పంపితే, బ్రౌజరు మూసినా లెక్క తప్పదు.

వాట్సాప్‌లో మాట్లాడి ఆర్డరు ఇచ్చినవారు, సైటులో చూసి దుకాణానికి వచ్చి కొన్నవారు మిగులుతారు. వీరి ఫోను నంబర్లను, వారి అనుమతితో, సంకేత రూపంలోకి మార్చి కస్టమర్ జాబితాగా ఎక్కించి మినహాయించవచ్చు. చేనేతలో ఇంకో ప్రత్యేకత, చాలా చీరలు ఒక్కటే ఉంటాయి. ఒకరు కొన్నాక మిగతా చూసినవారందరికీ ఆ చీర ప్రకటన వెళుతూనే ఉంటే, నొక్కి వచ్చినవారికి దొరికేది నిరాశే. వస్తువుల ఫీడ్‌లో `availability` విలువను `out_of_stock` అని వెంటనే మార్చాలి. ఫీడ్ రోజుకు ఒక్కసారే నవీకరణ అయితే, అమ్ముడుపోయిన చీర ఒక పూర్తి రోజు ప్రచారంలో ఉండిపోతుంది.

కొన్నవారిని ఎంతకాలం వదిలేయాలన్నది వస్తువును బట్టి ఉంటుంది. నెలకొకసారి అయిపోయే కాఫీ పొడికి మూడు వారాల తర్వాత పలకరింపు సాయం అవుతుంది. ఫ్రిజ్ కొన్నవారికి ఫ్రిజ్ ప్రకటన ఏళ్లపాటు అక్కర్లేదు. చీరల విషయంలో కొన్న చీరను మళ్లీ ఎప్పుడూ చూపకుండా, ఒకటి రెండు నెలలు మౌనంగా ఉండి, తర్వాత కొత్త నేతల గురించి చెప్పవచ్చు.

సగటు దాచిపెట్టేది

క్యాప్ పెట్టాక అది పనిచేస్తోందో లేదో చూడడానికి అందరూ సగటు ఫ్రీక్వెన్సీ చూస్తారు. మొత్తం ఇంప్రెషన్లను చేరిన మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అది. పదివేల మందికి 40 వేల ఇంప్రెషన్లు వెళ్తే సగటు నాలుగు. చూడడానికి మర్యాదగానే ఉంది. కానీ లోపల పంపిణీ ఇలా ఉండవచ్చు: 8,000 మంది ఒక్కొక్కసారి చూశారు, 1,500 మంది ఎనిమిదేసిసార్లు చూశారు, 500 మంది నలభైయేసిసార్లు చూశారు. కూడితే అదే 40 వేలు. ఇంప్రెషన్లలో సగం ఐదు శాతం మంది మీద పడింది. రోజంతా ఇంటర్నెట్‌లో ఉండేవారు ప్రకటన వేలంలోకి ఎక్కువసార్లు వస్తారు కాబట్టి, పరిమితి లేనిచోట పంపిణీ ఇలాగే వంగిపోతుంది. ఫిర్యాదు చేసేది ఈ ఐదొందల మందే. సగటు చూసే నిర్వాహకుడికి వారి గొంతు వినిపించదు. సగటుకు బదులు, ఎన్నిసార్లు చూసినవారు ఎంతమంది అన్న పట్టిక అడిగి చూడాలి.

క్యాప్ పెట్టినా అది మనిషి దాకా చేరకపోవడానికి ఇంకో మూడు కారణాలున్నాయి. మొదటిది, ప్రతి వేదికా తన ప్రకటనలనే లెక్కపెట్టుకుంటుంది. గూగుల్‌లో రోజుకు రెండు, మెటాలో రెండు, ఇంకో రీటార్గెటింగ్ సంస్థలో రెండు అంటే, మనిషికి ఆరు. ఒకదానికి ఇంకొకటి లెక్క చెప్పదు. చిన్న దుకాణానికి తేలికైన మార్గం రీటార్గెటింగ్‌ను ఒకే వేదిక మీద ఉంచడం, లేదా ఒక గుంపును ఒక వేదికకే కేటాయించడం.

రెండో కారణం, క్యాప్ లెక్కించేది మనిషిని కాదు, కుకీని లేదా లాగిన్‌ను. సఫారీ బ్రౌజరు 2020 మార్చి నుంచి ఇతర సైట్ల కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది. ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి యాప్‌లు మనిషి వెంట వెళ్లడానికి అనుమతి అడగాలి. క్రోమ్ కూడా ఇతర సైట్ల కుకీలను ఎత్తేస్తానని 2020లో చెప్పి, 2024లో ఆ నిర్ణయం విరమించుకుంది. ఫలితంగా ఒక్కో బ్రౌజరులో ఒక్కో స్థితి. ఫోనులో చూసి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొన్న మనిషి ఫోనులో ఇంకా కొననివాడిగానే మిగిలిపోవచ్చు. అందుకే కొన్నవారిని లాగిన్, ఫోను నంబరు ఆధారంగా మినహాయించడం కుకీ మీద ఆధారపడడం కంటే నమ్మదగినది.

మూడో కారణం, కొన్ని చోట్ల క్యాప్ పెట్టే వీలే ఉండదు. గూగుల్ పెర్ఫార్మెన్స్ మ్యాక్స్ క్యాంపెయిన్లలో ప్రకటనదారుకు ఫ్రీక్వెన్సీ క్యాప్ లేదు. మెటాలో కూడా ఆ నియంత్రణ అవగాహన పెంచే క్యాంపెయిన్లకు ఉన్నట్టుగా అమ్మకాల క్యాంపెయిన్లకు ఉండదు. అక్కడ చేతిలో ఉండేవి రెండు: గడువు, బడ్జెట్. 2,000 మంది ఉన్న జాబితా మీద రోజుకు 4,000 ఇంప్రెషన్లు కొనగల డబ్బు పెడితే, సగటున ఒక్కొక్కరికి రోజుకు రెండు తప్పదు. జాబితా చిన్నదయ్యేకొద్దీ బడ్జెట్ తగ్గించాలి. గడువు 30 నుంచి 14కు తగ్గించి, బడ్జెట్ పాతదే ఉంచితే, మిగిలినవారి మీద జోరు రెట్టింపై విసుగు పెరుగుతుంది. గడువు సరిదిద్దినవారు తరచుగా చేసే పొరపాటు ఇది.

విసుగును కొలవడం

కొనుగోలును లెక్కపెట్టడం తేలిక, విసుగును లెక్కపెట్టడం కష్టం. విసిగిన మనిషి సాధారణంగా ఏమీ చెప్పడు. ప్రకటనను దాచమని నొక్కినవారి సంఖ్య, ఫిర్యాదులు కొంత తెలియజేస్తాయి. వాటిలో బయటపడేది కొద్ది భాగమే.

ఎన్నోసారి చూసినప్పుడు ఎంతమంది నొక్కారన్న పట్టిక చూసి క్యాప్ నిర్ణయించడం వాడుకలో ఉంది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. పదోసారి చూసినవారూ ఒకసారి చూసినవారూ ఒకే రకం మనుషులు కారు. కొనదలచినవారు మూడోసారికే కొని వెళ్లిపోయి ఉంటారు. పదోసారి దాకా మిగిలేది మొదటి నుంచీ ఆసక్తి లేనివారు. ఆ పట్టికలో కనిపించే తగ్గుదలలో ఎంత భాగం విసుగుదో, ఎంత భాగం మనుషుల తేడాదో తెలియదు. 1972లో హెర్బర్ట్ క్రుగ్‌మన్ మూడుసార్లు చూపితే చాలునేమోనని వాదించిన వ్యాసం నుంచి నేటిదాకా వ్యాపారంలో ఒక మాయసంఖ్య కోసం వెతుకులాట సాగుతోంది. అది టీవీ కాలపు ఆలోచన. పైగా ఆయన చెప్పిన మూడు, మనిషి మనసు పెట్టి చూసే మూడు దశలు, తెర మీద మూడుసార్లు కనిపించడం కాదు. దాన్ని క్యాప్‌గా వాడుకోకూడదు.

సరైన పద్ధతి, సందర్శకులలో కొందరిని లాటరీలో ఎంచి వారికి ప్రకటనలు చూపకుండా ఉంచడం. గారెట్ జాన్సన్, రాండల్ లూయిస్, ఎల్మార్ నుబ్‌మయర్ 2017లో ప్రచురించిన ఘోస్ట్ యాడ్స్ పద్ధతి, ప్రకటన చూపి ఉంటే ఎవరికి వెళ్లేదో కూడా నమోదు చేసి పోలికను కచ్చితం చేసింది. వారు పరీక్షించిన రీటార్గెటింగ్ క్యాంపెయిన్ సైటు సందర్శనలను 17.2 శాతం, కొనుగోళ్లను 10.5 శాతం పెంచింది. ప్రకటన చూసినవారిలో కొన్న ప్రతి ఒక్కరినీ ప్రకటన ఖాతాలో వేసుకునే మామూలు నివేదికలు చెప్పే అంకెలతో పోలిస్తే ఇవి నిజానికి దగ్గరగా ఉంటాయి.

మన చీరల దుకాణం ఇలాంటి పరీక్ష చేయగలదా? వచ్చినవారిలో నూటికి ఇద్దరు కొంటారనుకుందాం. ప్రకటనల వల్ల అది 2.2కు పెరుగుతుందో లేదో నమ్మకంగా తేల్చడానికి ఒక్కో గుంపులో సుమారు 80 వేల మంది కావాలి. చిన్న దుకాణానికి అది నెలల పని. బిల్డ్‌డైరెక్ట్ అధ్యయనంలో లాగా తిరిగి రావడాన్ని కొలిస్తే పని సులువవుతుంది. నూటికి 20 మంది తిరిగివచ్చే చోట అది 23కు చేరిందో లేదో చూడడానికి గుంపుకు మూడు వేల మంది చాలు. తిరిగి రావడం కొనడం కాదు, కానీ గడువు 14 రోజులుండాలా 30 ఉండాలా అన్నది తేల్చడానికి అది చాలినంత మంచి కొలత. ఒక గుంపుకు 14 రోజుల తర్వాత ప్రకటనలు ఆపి, ఇంకో గుంపుకు కొనసాగించి, 15 నుంచి 30వ రోజు లోపు తిరిగివచ్చినవారిని పోల్చాలి. ఆ రోజుల్లో తిరిగివచ్చేవారు తక్కువ కాబట్టి గుంపులు ఇంకొంత పెద్దవి కావాలి. తేడా కనిపించకపోతే ఆ 16 రోజులనూ వదులుకోవచ్చు.

ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. నెలరోజుల పరీక్ష నెలరోజుల ఫలితాన్నే చూపుతుంది, విసుగు అంతకంటే నెమ్మదిగా పేరుకుంటుంది. దీనికి మంచి సాక్ష్యం రీటార్గెటింగ్ బయట నుంచి ఉంది. పండోరా సంగీత సేవలో సుమారు మూడున్నర కోట్ల మంది శ్రోతల మీద 21 నెలలు ప్రయోగం చేశారు. ప్రకటనల మోతాదు పెంచిన గుంపులో పాటలు వినే సమయం ఒక్కసారిగా పడిపోలేదు, నెలనెలా తరుగుతూ పోయింది. నెల తర్వాతే పరీక్ష ఆపేసి ఉంటే నష్టంలో చాలా భాగం కనిపించేదే కాదు. కాబట్టి నెలరోజుల పరీక్షలో ఎక్కువ మోతాదు కాస్త లాభంగా కనిపించినా, ఆ లాభం అతి స్వల్పమైతే తక్కువ మోతాదునే ఎంచుకోవడం సబబు. కనిపించని ఖర్చు ఎప్పుడూ ఎక్కువ మోతాదు వైపే ఉంటుంది.

వెంట వెళ్లకూడని చోటు

కొన్ని సందర్భాల్లో సరైన గడువు సున్నా. ఆరోగ్య సమస్యలు, అప్పుల ఇబ్బందులు, కుటుంబ కష్టాల వంటి విషయాల్లో సందర్శకుల జాబితాలతో ప్రకటనలు చూపడాన్ని గూగుల్ విధానాలు నిషేధించాయి. సంతాన సాఫల్య కేంద్రం పేజీ చూసిన మనిషికి ఆ ప్రకటన ఇంట్లో అందరూ వాడే ఫోనులో కనిపించడం ఎంత బాధ కలిగిస్తుందో ఆలోచిస్తే నియమం ఎందుకుందో అర్థమవుతుంది. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి ప్రవర్తనను గమనించడాన్ని, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత తేలికగా ఉండాలని కూడా చెప్పింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తాయి. పాఠాలు, పరీక్షల శిక్షణ అమ్మే సంస్థలు తమ సందర్శకుల జాబితాల్లో ఎవరున్నారో ఇప్పటి నుంచే పరిశీలించుకోవాలి.

తేలినది, తేలనిది

ఇన్ని అధ్యయనాల తర్వాత గట్టిగా చెప్పగలిగేవి మూడు. రీటార్గెటింగ్ ఫలితం ముందు రోజుల్లోనే ఎక్కువ, కాబట్టి గడువు పొడిగించడం వల్ల వచ్చేది తక్కువ. ఆలోచన దశకు సరిపోని ప్రకటన తక్కువసార్లు చూపినా అంతగా పనిచేయదు. మామూలు నివేదికలు లాభాన్ని ఎక్కువగా, విసుగును తక్కువగా చూపుతాయి. తేలనిది, ఒక మనిషి అన్ని వేదికల మీదా కలిపి ఎన్నిసార్లు చూశాడన్నది. ఆ లెక్క ప్రకటనదారు చేతిలో లేదు, సమీప భవిష్యత్తులో వస్తుందన్న సూచనా లేదు.

ఆ లెక్క లేనప్పుడు పని వరుస ముఖ్యం. ముందు కొన్నవారిని నమ్మకంగా తప్పించాలి. అది అంకెల వాదన అక్కర్లేని కనీస బాధ్యత. తర్వాత కొనుగోళ్లలో పదింట తొమ్మిది ఎన్ని రోజుల్లో వస్తున్నాయో చూసి గడువు అక్కడికి కుదించాలి. ఆ తర్వాత ఒక్క సందర్శనకు మొత్తం ఎన్ని ప్రకటనలో నిర్ణయించి, ముందు రోజుల్లో ఎక్కువగా, తర్వాత తక్కువగా పంచాలి. చివరగా, గడువు తగ్గించినప్పుడు మిగిలిన డబ్బును అదే జాబితా మీద పెట్టకుండా, ఇంకా సైటు చూడని కొత్తవారిని పిలవడానికి వాడాలి. ఈ చివరి మెట్టు తప్పితే ముందు చేసిన మూడు పనుల ఫలితమూ పోతుంది.